రామయ్య 18 ఎకరాలు: దత్తత వెళ్ళిన కొడుకు, 1984లో పెళ్ళైన కూతురు, ఎవరికెంత?

జడ్జిపరీక్ష_సుధ
అందరికీ నమస్కారం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుతున్నాను. మా కోచింగ్ మోడల్ పేపర్లో ఒక ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను పట్టుకుని వదలడం లేదు. కీలో జవాబు "డి" అని ఒక్క అక్షరం ఇచ్చి ఊరుకున్నారు, ఎందుకో రాయలేదు. నాకు జవాబు ఒక్కటే తెలిస్తే చాలదు, మిగతా మూడూ ఎందుకు తప్పో తెలియాలి, లేకపోతే రేపు పరీక్షలో పేర్లూ అంకెలూ మార్చి ఇస్తే మళ్ళీ పడిపోతాను.

ప్రశ్న ఇదీ. ఆంధ్ర ప్రాంతంలో రామయ్యకి 1952లో అన్నదమ్ముల పంపకంలో తాతల నాటి భూమి 18 ఎకరాలు వచ్చింది. భార్య సీతమ్మ. పెద్ద కొడుకు రాఘవ 1962లో పుట్టాడు, కూతురు లత 1965లో, చిన్న కొడుకు కిశోర్ 1974లో. కిశోర్‌ని 1982లో, ఎనిమిదో ఏట, పిల్లలు లేని దంపతులకి చట్టప్రకారం దత్తత ఇచ్చారు. లతకి 1984లో పెళ్ళైంది. రామయ్య 2003లో వీలునామా రాయకుండా చనిపోయాడు. అప్పటిదాకా ఆస్తి పంచుకోలేదు. 2021లో లత పంపకాల దావా వేసింది. ఎవరికెంత?

ఎ) రాఘవ 12, లత 3, సీతమ్మ 3
బి) రాఘవ 6, లత 6, కిశోర్ 4.50, సీతమ్మ 1.50
సి) రాఘవ 6, లత 6, సీతమ్మ 6
డి) రాఘవ 8, లత 8, సీతమ్మ 2

నేను "సి" పెట్టాను. తండ్రి పోతే భార్యకీ పిల్లలకీ సమానమే కదా అనుకున్నాను.

భార్గవి_లా_ఫైనలియర్
సుధ గారూ, నేనూ మొదట సి అనే అనుకున్నాను కానీ హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 నేరుగా పెట్టడం కుదరదు. 1952లో వచ్చింది పిత్రార్జితం, స్వార్జితం కాదు, కాబట్టి పిల్లలకి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. రామయ్య చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగిందని ఊహించుకోవాలి, ఆ ఊహలో రామయ్యకి వచ్చిన భాగం మాత్రమే వారసులకి వెళ్తుంది, మొత్తం 18 ఎకరాలు కాదు. ఇక్కడిదాకా నాకు అనుమానం లేదు.

కానీ నా లెక్కలో జవాబు ఎ. ఎందుకంటే 1985లో మన ఉమ్మడి రాష్ట్రంలో కూతుళ్ళకి కోపార్సెనర్ హక్కు, అంటే పిత్రార్జితంలో పుట్టుకతోనే కొడుకులతో సమానంగా వాటా, ఇచ్చినప్పుడు, ఆ చట్టం అమల్లోకి వచ్చిన 5-9-1985 నాటికి పెళ్ళైపోయిన కూతుళ్ళని పక్కన పెట్టారు. లత పెళ్ళి 1984. తర్వాత కూతుళ్ళకి అదే హక్కు ఇచ్చిన 2005 కేంద్ర సవరణ 9-9-2005న వచ్చింది, అప్పటికి రామయ్య లేడు. బతికున్న తండ్రికి బతికున్న కూతురు అయితేనే హక్కు అని ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 2003లో రామయ్య, రాఘవ ఇద్దరే, చెరి 9. రామయ్య 9 ముగ్గురికీ మూడేసి. రాఘవ 12, లత 3, సీతమ్మ 3. కీ తప్పేమో అనిపిస్తోంది.

నెల్లూరు_పాతవకీలు
భార్గవి అమ్మా, నీ లెక్క 2020 ఆగస్టు 11 ముందు రాసి ఉంటే నేనే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. ఆ రోజున వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ ఫూలవతి తీర్పుని ఆ మేరకు కొట్టేసింది. కూతురికి హక్కు పుట్టుకతో వస్తుంది, తండ్రి చేతుల మీదుగా వచ్చేది కాదు, కాబట్టి 9-9-2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అని చెప్పింది. పెళ్ళి అడ్డంకి కూడా 2005 కేంద్ర సవరణలో లేదు. 1985 రాష్ట్ర చట్టంలో ఉన్న ఆ గీత కేంద్ర చట్టం వచ్చాక లతకి అడ్డం రాదు.

నువ్వు వేసిన ఊహా పంపకాన్నే ఆ తీర్పు ఇంకా లోతుగా పట్టుకుంది. ఆ ఊహ చనిపోయినవాడి భాగం కొలవడానికి పెట్టుకున్న కొలబద్ద మాత్రమే, దానివల్ల కుటుంబం నిజంగా విడిపోయినట్టు కాదు అంది. నిజంగా విడిపోలేదు కాబట్టి 2005లో ఆస్తి ఇంకా ఉమ్మడిగానే ఉంది, ఉమ్మడిగా ఉన్న ఆస్తిలోకి లత కోపార్సెనర్‌గా వచ్చింది. అప్పుడు రామయ్య, రాఘవ, లత ముగ్గురు, తలా 6. రామయ్య 6 మళ్ళీ సీతమ్మ, రాఘవ, లతలకి రెండేసి. రాఘవ 8, లత 8, సీతమ్మ 2. కీ సరైనదే.

ఎ ఎప్పుడు నిలబడుతుందో కూడా చెప్తాను. 20-12-2004కి ముందే రిజిస్టరైన పంపకాల దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో రాఘవా వాళ్ళూ నిజంగా పంచుకుని ఉంటే ఆ పంపకాన్ని 2005 సవరణ కదిలించదు. ప్రశ్నలో "అప్పటిదాకా ఆస్తి పంచుకోలేదు" అన్న ముక్క ఊరికే పెట్టలేదు. డిక్రీ అంటే కూడా జాగ్రత్త, ప్రిలిమినరీ డిక్రీ ఒక్కటే చాలదు. మన దగ్గర నుంచే వెళ్ళిన గండూరి కోటేశ్వరమ్మ కేసు చూడండి. 1999లో ప్రిలిమినరీ డిక్రీ అయింది, ఫైనల్ డిక్రీ కాకముందే 2005 సవరణ వచ్చింది, ఆడపిల్లలు వాటా పెంచమన్నారు, 2011లో సుప్రీంకోర్టు సరే అంది. హద్దులు గీసి ఫైనల్ డిక్రీ అయ్యేదాకా దావా బతికే ఉంటుంది.

రైతుబిడ్డ_పల్నాడు
సార్ మీరు పంపకం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మేం అన్నదమ్ములం 1999లోనే పెద్దమనుషుల మధ్య పంచేసుకున్నాం, మా నాన్న బతికుండగానే. తెల్ల కాగితం మీద రాసుకున్నాం, అందరం సంతకాలు పెట్టాం, మా చెల్లి సంతకం తప్ప. ఇప్పుడు చెల్లి వాటా అడుగుతోంది. 2004 కంటే ముందే అయిపోయింది కదా, మాకు ఎ వర్తించినట్టే కదా?

నెల్లూరు_పాతవకీలు
అంత తేలిక కాదు బాబూ. చట్టంలో పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు లేదా కోర్టు డిక్రీ అని వివరణలోనే రాశారు. నోటి పంపకం అన్న వాదనని మామూలుగా ఒప్పుకోకూడదని వినీతా శర్మ తీర్పు చెప్పింది, ఎందుకంటే ఆడపిల్లలు దావా వేయగానే పుట్టుకొచ్చే పంపకాలు ఎక్కువ. ఒక సందు మాత్రం ఉంచింది. నిజంగా అప్పుడే పంచుకుని, దానికి ప్రభుత్వ రికార్డుల్లో జాడ ఉండి, డిక్రీ అయినంత గట్టిగా రుజువైతే అరుదుగా ఒప్పుకోవచ్చు. 1999 నుంచీ ఎవరి పాస్ పుస్తకం వారిదేనా? శిస్తు విడివిడిగా కట్టారా? ఎవరైనా తన భాగం అమ్మితే మిగతావాళ్ళు సాక్షి సంతకం పెట్టారా? ఇవి ఉంటే వాదించుకోవచ్చు. ఆ తెల్ల కాగితం ఒక్కటే పట్టుకుని వెళ్తే నిలబడదు.

రైతుబిడ్డ_పల్నాడు
పాస్ పుస్తకాలు 2008లో విడగొట్టించాం సార్. అంతకు ముందు అన్నీ నాన్న పేరు మీదే.

నెల్లూరు_పాతవకీలు
అయితే 1999కీ 2008కీ మధ్య తొమ్మిదేళ్ళ ఖాళీ ఉంది. అవతలి వకీలు మొదట అక్కడే నిలదీస్తాడు. చెల్లెలితో కూర్చుని మాట్లాడుకోవడమే మీకు మంచిదని నా ఉద్దేశం.

జడ్జిపరీక్ష_సుధ
రైతుబిడ్డ గారి సంగతి కష్టమే. సార్, నా సి గురించి ఇంకా ఒక సందేహం. మా లైబ్రరీలో ఒక పుస్తకంలో హీరాబాయి కేసు చదివాను. అందులో ఊహా పంపకంలో భార్యకి కూడా ఒక వాటా వేశారు. అలా వేస్తే రామయ్య, సీతమ్మ, రాఘవ, లత నలుగురూ తలా 4.50. రామయ్య 4.50 ముగ్గురికీ 1.50 చొప్పున. అప్పుడు అందరికీ ఆరేసి వస్తుంది. అంటే నా జవాబు వేరే దారిలో కూడా వస్తోంది కదా!

నెల్లూరు_పాతవకీలు
ఈ ప్రశ్న తయారు చేసినవాళ్ళు దిట్టలు. సి లోకి రెండు దారులు పెట్టారు, రెండూ మన దగ్గర తప్పే.

మొదటి దారి నువ్వు ముందు వెళ్ళినది, మొత్తం 18 ఎకరాలూ రామయ్య సొంతం అనుకుని సెక్షన్ 8 కింద పంచడం. అది భూమి స్వార్జితమైతే సరైనదే. రామయ్య తన జీతంతో కొన్న 18 ఎకరాలు అని ప్రశ్నలో ఉంటే కళ్ళు మూసుకుని సి పెట్టు. అలాగే రామయ్య తండ్రి సొంతంగా సంపాదించిన భూమి, ఆ తండ్రి 1956 చట్టం వచ్చాక చనిపోతే సెక్షన్ 8 కింద రామయ్యకి వచ్చిందనుకో, అదీ రామయ్య సొంతమే, రాఘవకి అందులో పుట్టుక హక్కు ఉండదు. 1986లో చందర్ సేన్ కేసు నుంచీ ఇది స్థిరపడిన మాట. అందుకే ప్రశ్నలో 1952 అని ఇచ్చారు. ఆ ఏడాది చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

రెండో దారి హీరాబాయి కేసుది. అది మహారాష్ట్ర కుటుంబం. అక్కడి మితాక్షర ఆచారంలో తండ్రీ కొడుకులు పంచుకుంటే తల్లికి కూడా కొడుకుతో సమానంగా వాటా ఇస్తారు. మన ద్రావిడ సంప్రదాయంలో, అంటే పాత మద్రాసు, ఆంధ్ర వైపు, పంపకంలో ఆడవాళ్ళకి వాటా వేసే పద్ధతి ఎన్నో తరాల కిందటే పోయింది. భార్యకి పోషణ హక్కు ఉంటుంది, భర్త పోయాక వారసురాలిగా అతని భాగంలో వాటా ఉంటుంది, కానీ ఊహా పంపకంలో ఆమెకి కుర్చీ లేదు. 2005 సవరణ కూతుర్ని కోపార్సెనర్ చేసింది, కోడల్నీ భార్యనీ చేయలేదు. ప్రశ్న మొదట్లోనే "ఆంధ్ర ప్రాంతంలో" అని రాసింది అందుకే. ఇదే ప్రశ్న పుణే కుటుంబమని రాస్తే జవాబు సి.

నాకు వ్యక్తిగతంగా ఇది బాధ కలిగించే విషయం. నలభై ఏళ్ళు ఆ పొలంలో నాట్లు వేసి కలుపు తీసిన సీతమ్మకి 18లో 2 ఎకరాలు. కానీ సుధా, పరీక్షలో చట్టం రాయాలి.

భార్గవి_లా_ఫైనలియర్
సార్, ఎ తప్పని ఒప్పుకుంటున్నాను. కానీ సీతమ్మ దగ్గరే నాకు డి మింగుడు పడటం లేదు. 2003లో రామయ్య చనిపోయిన రోజున వారసత్వం తెరుచుకుంది. ఆ రోజు చట్టం ప్రకారం రామయ్య భాగం 9, అందులో సీతమ్మకి 3 ఎకరాలు సంక్రమించాయి. సెక్షన్ 14 కింద అది ఆమె పూర్తి సొంతం. 2005లో వచ్చిన సవరణ కూతురికి ఇవ్వాలంటే రాఘవ దగ్గర తీసుకోవాలి గానీ, తల్లికి అప్పటికే వచ్చేసిన 3 ఎకరాల్ని 2 ఎలా చేస్తుంది? నా లెక్కలో రామయ్య 9 మూడేసి చొప్పున ముగ్గురికీ పోవాలి. మిగిలిన 9, రాఘవ పేరున ఉమ్మడిగా మిగిలింది, అది రాఘవకీ లతకీ 4.50 చొప్పున. అంటే రాఘవ 7.50, లత 7.50, సీతమ్మ 3. ఈ జవాబు ఆప్షన్లలోనే లేదు.

నెల్లూరు_పాతవకీలు
మంచి వాదన, తేలిగ్గా తీసేయలేను. నువ్వు చెప్పింది కోర్టులో తల్లి తరఫు వకీలు చెప్పే మాటే. దానికి ఎదురు మాట ఏంటంటే, కూతురికి హక్కు పుట్టుక నుంచీ ఉందని ఒకసారి ఒప్పుకుంటే, 2003లో కూడా ముగ్గురు కోపార్సెనర్లు ఉన్నట్టే, అప్పుడు రామయ్య భాగం 9 కాదు 6. పైగా సవరణ కాపాడింది 20-12-2004కి ముందు జరిగిన అమ్మకాలు, పంపకాలు, వీలునామాల్లాంటి వాటిని. కొత్త సెక్షన్ 6కి పూర్తి అమలు ఇవ్వాలని వినీతా శర్మలో అన్న మాటని పట్టుకుని ఇలాగే లెక్క కడుతున్నారు, కీ కూడా ఆ దారిదే. నీ పక్షాన బలం ఉంది, కానీ పరీక్షలో ఉన్న నాలుగు ఆప్షన్లలో డి తప్ప వేరేది నిలవదు.

భార్గవి_లా_ఫైనలియర్
పరీక్షకి డి. కానీ నాకు సమాధానం దొరికినట్టు లేదు సార్, సీతమ్మ మూడు ఎకరాలు సీతమ్మవే అనిపిస్తోంది.

పద్మ_ఒంగోలు
నమస్తే అండి. నేను చట్టం చదివిన మనిషిని కాదు. ఈ చర్చలో కిశోర్ గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని రెండు రోజులుగా చూస్తున్నాను, ఎవరూ ముట్టుకోలేదు. మా ఆయన కథ అదే. ఆయన్ని ఆరో ఏట 1983లో దత్తత ఇచ్చారు, దత్తత పత్రం రిజిస్టరు అయింది. కన్నవాళ్ళ ఇంట్లో 1979లో పంపకాల దస్తావేజు రాసుకున్నారట. ఇప్పుడు మా బావగారు "నువ్వు వెళ్ళిపోయినవాడివి, ఈ ఇంట్లో నీకు గోరంత కూడా లేదు" అంటున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. చిన్నప్పుడు ఇచ్చేశారు అన్న బాధ ఆయనకి ఎలాగూ ఉంది, పైగా ఈ మాటలు. నిజంగా ఏమీ ఉండదా?

జడ్జిపరీక్ష_సుధ
పద్మ గారూ, నాకు తెలిసినంతలో దత్తత వెళ్తే అంతా పోతుంది అండి. దత్తత చట్టం సెక్షన్ 12. దత్తత తేదీ నుంచి కన్న కుటుంబంతో తెగిపోయినట్టే.

భార్గవి_లా_ఫైనలియర్
కాదు సుధ గారూ, అదే సెక్షన్ 12లో మినహాయింపు (బి) ఉంది. దత్తతకి ముందే బిడ్డకి సంక్రమించిన ఆస్తి బిడ్డతోనే ఉంటుంది. కోపార్సెనర్‌కి పుట్టుకతోనే హక్కు వస్తుంది కదా, కిశోర్‌కి 1974లోనే వచ్చేసింది, దత్తత 1982. అందుకే బి ఆప్షన్ కూడా పూర్తిగా తీసేయలేం అనుకుంటున్నా.

నెల్లూరు_పాతవకీలు
సుధ సగం, భార్గవి సగం. రెండు సగాల మధ్యలో పద్మ గారి పొలం ఉంది, కాబట్టి నిదానంగా చెప్తాను.

పుట్టుకతో హక్కు రావడం, ఆస్తి సంక్రమించడం రెండూ ఒకటి కావు. కిశోర్ 1974లో పుట్టినప్పుడు, అప్పటి చట్టం ప్రకారం తండ్రి, అన్న, తను ముగ్గురు. ఆ రోజు పంచితే అతనికి 6 ఎకరాలు. 1976లో ఇంకో తమ్ముడు పుట్టి ఉంటే 4 ఎకరాల 50 సెంట్లే. ఒకరు పోతే మళ్ళీ పెరిగేది. అంటే పంచేదాకా ఫలానా ఇంత నాది అని ఏ కోపార్సెనరూ వేలు పెట్టి చూపించలేడు. వేలు పెట్టి చూపించలేనిది దత్తతకి ముందే సంక్రమించిన ఆస్తి ఎలా అవుతుంది? మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు యార్లగడ్డ నాయుడమ్మ కేసులో దీనికి భిన్నంగా, పుట్టుకతో వచ్చిన వాటా దత్తత తర్వాతా అతనిదే అని చెప్పింది, అది 1981లో రిపోర్టయింది. వేరే రాష్ట్రాల్లో దాన్ని ఒప్పుకోని తీర్పు కూడా ఉంది, అందుకే మళ్ళీ వివాదం వచ్చి 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ కూర్చుని నాయుడమ్మ దారి సరికాదంది. దత్తత వెళ్ళాక కన్న కుటుంబంలో కోపార్సెనర్ కాడు. దత్తతకి ముందే పంపకం అయిపోయి, అతని వాటాకి ఫలానా భూమి అని వచ్చి ఉంటే మాత్రం అది అతనితో పాటు వెళ్తుంది.

కాబట్టి 1982 నాటికి పంపకం లేని కిశోర్‌కి సున్నా. బి పోయింది. ఇక్కడ ఇంకో ముచ్చట చూడండి, బి పాత నాయుడమ్మ దారిలో కట్టిన లెక్క. కిశోర్‌కి కోపార్సెనర్ వాటా 4.50 ఇచ్చి, రామయ్య భాగంలో వారసుడిగా ఏమీ ఇవ్వలేదు. దత్తతే చెల్లలేదు అనుకుందాం. ఉదాహరణకి ఇచ్చిపుచ్చుకోవడమే జరగలేదు, లేదా ఆచారం లేకుండా 15 ఏళ్ళు నిండినవాణ్ణి ఇచ్చారు. అప్పుడు దత్తత చెల్లదు, కన్న ఇంట్లో హక్కూ పోదు. ఆ లెక్కలో రామయ్య 4.50 నలుగురికి పంచాలి, కిశోర్‌కి మొత్తం 5 ఎకరాల 62న్నర సెంట్లు వస్తాయి, సీతమ్మకి 1 ఎకరం 12న్నర సెంట్లు. బి లో ఉన్న అంకెలు ఆ లెక్కలో రావు.

పద్మ గారూ, ఇప్పుడు మీ ప్రశ్న. 1979 దస్తావేజు ఎవరి మధ్య జరిగింది? మామగారికీ ఆయన అన్నదమ్ములకీ మధ్యా, లేక మామగారికీ ఆయన కొడుకులకీ మధ్యా?

పద్మ_ఒంగోలు
మా మామగారు, ఆయన అన్నదమ్ములు ఇద్దరు, తాతగారు అని విన్నానండి. నా దగ్గర ఫోన్లో మొదటి పేజీ ఫొటో ఒకటే ఉంది. పాతది, పసుపు రంగుకి తిరిగిపోయింది. అందులో పేర్లు అవే ఉన్నాయి.

నెల్లూరు_పాతవకీలు
అదొక్కటే అయితే లాభం లేదమ్మా, ముందే చెప్తున్నాను. ఆ పంపకంలో మీ మామగారి శాఖకి ఒక భాగం వచ్చింది, ఆ భాగం లోపల మామగారూ కొడుకులూ ఉమ్మడిగానే ఉన్నారు. మీ ఆయనకి విడిగా ఏదీ పడలేదు, 1983లో దత్తత వెళ్ళారు, కిశోర్ లాగే. కానీ మొదటి పేజీ చూసి నిర్ణయానికి రావొద్దు. పార్టీల వరసలో మైనర్ల పేర్లు ఉన్నాయా, చివర షెడ్యూళ్ళు ఎన్ని ఉన్నాయో చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ నంబరు, ఏడాది ఇచ్చి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. నంబరు తెలియకపోతే ఇండెక్స్‌లో పేరు మీద వెతికించండి.

కోర్టు_గుమస్తా
నంబరు ఫొటోలోనే ఉంటుందండి. మొదటి పేజీ మీద, ఆఫీసు గుండ్రటి ముద్ర పక్కన "బుక్ 1" అని, కింద నంబరు, సంవత్సరం చేత్తో రాసి ఉంటాయి. పాత దస్తావేజుల్లో సిరా వెలిసిపోతుంది, ఫొటో వెలుతురు పెంచి చూడండి. ఆన్‌లైన్ ఈసీలో 1979 రాదు, దానికోసం ఎదురుచూడొద్దు, ఆఫీసుకే వెళ్ళి రాసి ఇవ్వండి.

పద్మ_ఒంగోలు
పది రోజులు పట్టింది, రెండు సార్లు తిప్పారు, కానీ నకలు వచ్చింది. ఏడు పేజీలు. మీరు చెప్పినట్టే పార్టీల వరసలో చూశాను. మూడో పార్టీ మా మామగారు. నాలుగో పార్టీ మా బావగారు, "మైనరు, తండ్రి గార్డియను" అని. ఐదో పార్టీ మా ఆయన, అలాగే. చివర షెడ్యూళ్ళు ఎ నుంచి ఎఫ్ దాకా ఉన్నాయి. ఇ షెడ్యూలు మీద "ఐదవ పార్టీ వాటాకు చెందినది" అని, సర్వే నంబరు, 2 ఎకరాల 10 సెంట్లు, నాలుగు వైపులా హద్దులు. తూర్పు పంట కాలువ అని ఉంది. ఆ కాలువ నేను చూశాను, పెళ్ళైన కొత్తలో అక్కడే కూర్చున్నాం. మా ఆయనకి ఆ పేజీ చూపిస్తే చాలాసేపు తన పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు.

నెల్లూరు_పాతవకీలు
పద్మ గారూ, ఇది పూర్తిగా వేరే కథ. 1979లో హద్దులతో సహా ఆయన వాటాకి భూమి పడింది, దత్తత 1983లో. ఫుల్ బెంచ్ చెప్పిన మినహాయింపు సరిగ్గా ఇలాంటి సందర్భానికే. వెళ్ళిపోయినవాడివి అన్న మాట ఆ 2 ఎకరాల 10 సెంట్ల విషయంలో చెల్లదు. మిగతా భూమిలో మాత్రం ఏమీ అడగలేరు, మామగారు పోయాక ఆయన భాగంలో వారసుడిగా కూడా రారు.

ఒక్కటి అడుగుతాను, జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. 1983 తర్వాత ఆ చెక్క ఎవరు సాగు చేశారు? ఏ మాట మీద?

పద్మ_ఒంగోలు
మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయనే. 2006లో పోయారు. తర్వాత బావగారు. అడంగల్‌లో ఇప్పుడు బావగారి పేరే ఉందట. 2014 దాకా సంక్రాంతికి రెండు బస్తాల బియ్యం పంపేవారు, "నీ పొలం తిండి" అని మా ఆయనతో అనేవారు. తర్వాత పంపలేదు. మేం అడగలేదు.

నెల్లూరు_పాతవకీలు
ఆ రెండు బస్తాలే మీకు ఇప్పుడు ముఖ్యం. అవతలి వాళ్ళు పన్నెండేళ్ళ పైగా మా స్వాధీనంలో ఉంది, మీ హక్కు పోయింది అంటారు. అది నిలవాలంటే మీ హక్కుని కాదని, బహిరంగంగా తమదే అని పన్నెండేళ్ళు ఉండాలి. మీ పొలం తిండి అని బియ్యం పంపినంత కాలం ఆ సాగు మీ తరఫున చేసినట్టే, కాదని చేసినట్టు కాదు. అడంగల్‌లో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదు. కానీ 2014 నుంచీ లెక్క మొదలైందని వాళ్ళు అనగలరు, కాబట్టి ఆలస్యం చేయొద్దు. బియ్యం తెచ్చి దించిన మనిషి, చూసిన ఇరుగుపొరుగు ఎవరైనా ఉన్నారా చూసుకోండి. మీ ఊళ్ళో సివిల్ వకీలు దగ్గరికి నకలూ దత్తత పత్రమూ రెండూ తీసుకెళ్ళండి, తేదీలు రెండూ పక్కపక్కన కనపడాలి.

పద్మ_ఒంగోలు
ట్రాలీ ఆటో అతను ఉన్నాడండి, ఇప్పటికీ మా వీధిలోనే. రేపు మాట్లాడతాను.

జడ్జిపరీక్ష_సుధ
నా ప్రశ్నకి వచ్చాను కానీ పద్మ గారి ఇ షెడ్యూలు వల్లే బి ఎందుకు తప్పో నాకు నిజంగా అర్థమైంది. సార్, ఒక్క మార్పు చేసి అడుగుతున్నాను. కిశోర్ దత్తత వెళ్ళిన ఇంట్లో 1990లో కొడుకు పుట్టాడనుకోండి, కిశోర్‌కి అక్కడ తగ్గుతుందా?

నెల్లూరు_పాతవకీలు
దత్తత చెడదు, అక్కడి పిత్రార్జితంలో కిశోర్ 1982 నుంచీ కోపార్సెనర్, 1990లో పుట్టినవాడు పుట్టినప్పటి నుంచీ. ఇద్దరికీ సమానమే. పాత హిందూ ధర్మశాస్త్రంలో దత్తుడికి తక్కువ వాటా ఉండేది, 1956 దత్తత చట్టం వచ్చాక ఆ తేడా లేదు. దత్తత తీసుకునేనాటికి వాళ్ళకి కొడుకు ఉంటే మాత్రం దత్తతే చెల్లదు, అప్పుడు మళ్ళీ రామయ్య ఇంటికొచ్చి 5 ఎకరాల 62న్నర లెక్క వేసుకోవాలి.

భార్గవి_లా_ఫైనలియర్
సీతమ్మ 3 ఎకరాల మీద ఎవరైనా అప్పీలులో వాదించిన వాళ్ళు ఉంటే రాయండి. నేను ఇంకా ఒప్పుకోలేదు.